బ్రోకరుకు ఇచ్చే అధికార పత్రం: సంతకానికి ముందు చదవాల్సిన రెండు మాటలు

(ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లు, సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒక్క కాగితం గురించే మాట్లాడుకుందాం. పెద్ద కాగితం కూడా కాదు, ఒక పేజీ. మన ఉత్పత్తిదారుల కంపెనీలకు గోదాము ఉంటుంది, అందులో సరుకు ఉంటుంది, బ్యాంకు అప్పు ఉంటుంది, దానితోపాటే బీమా కూడా ఉంటుంది. ఆ బీమాను చాలాచోట్ల బ్రోకరు చేయిస్తాడు. నష్టం జరిగిన మర్నాడు ఆ బ్రోకరు ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది. "మీ లెటర్‌హెడ్ మీద వేసి, సంతకం, స్టాంపు కొట్టి పంపండి, మిగతాదంతా మేం చూసుకుంటాం" అంటారు. దాన్నే లెటర్ ఆఫ్ అథారిటీ అంటారు. మనం అధికార పత్రం అందాం.

అందులో అసలు విషయం రెండు మాటల్లో ఉంటుంది. మొదటిది, మా తరఫున బీమా కంపెనీతో, సర్వేయరుతో మాట్లాడి క్లెయిమ్ తేల్చే అధికారం బ్రోకరుకు ఇస్తున్నాం అని. రెండోది, ఈ క్లెయిమ్‌కు సంబంధించిన ఉత్తరాలు, మెయిళ్లు అన్నీ బ్రోకరుకే పంపండి అని. మొదటి మాట మీద అందరి చూపూ పడుతుంది. కొంప ముంచేది మాత్రం ఎక్కువగా రెండోదే. ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

బ్రోకరు ఎవరి మనిషి?

ముందు ఒక తేడా తెలియాలి. బీమా ఏజెంటు బీమా కంపెనీ మనిషి. బ్రోకరు అలా కాదు. చట్టం ప్రకారం అతను బీమా తీసుకున్నవాళ్ల తరఫు మనిషి, అంటే మన మనిషి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్టరై ఉండాలి. పాలసీ కుదిర్చినందుకు అతనికి కమిషన్ ఇచ్చేది బీమా కంపెనీ. అయినా అతను పని చేయాల్సింది మనకోసం.

అతను మన మనిషే కావడం వల్ల మేలుంది, చిక్కూ ఉంది. మేలేమిటంటే అతనికి పాలసీ భాష తెలుసు. సర్వేయరు ఏ కాగితం ఎందుకు అడుగుతున్నాడో, ఏ కోత సరైనదో, ఏది కాదో అతనికి తెలుస్తుంది. మన సీఈఓ ఒకవైపు తడిసిన బస్తాలు ఆరబోయిస్తూ, ఇంకోవైపు సభ్యులకు సమాధానం చెప్పుకుంటూ ఇంగ్లీషు మెయిళ్లకు జవాబులు రాయలేడు. కాబట్టి బ్రోకరును పెట్టుకోవద్దని మేము అనడం లేదు. పెట్టుకోండి.

ఇక చిక్కు. మన మనిషి కాబట్టే అతను విన్నది మనం విన్నట్టే, అతను ఒప్పుకున్నది మనం ఒప్పుకున్నట్టే. ఇది మేము కల్పించి చెప్పేది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. అప్పగించిన పనిలో ప్రతినిధి చేసిన ఒప్పందాలు అసలు మనిషిని కట్టిపడేస్తాయని 226వ సెక్షన్ చెబుతుంది. ఆ పనిలో భాగంగా ప్రతినిధికి ఇచ్చిన నోటీసు అసలు మనిషికి ఇచ్చినట్టేనని 229వ సెక్షన్ చెబుతుంది. పత్రంలో ఉన్న ఆ రెండు మాటలకూ బలం ఈ రెండు సెక్షన్ల నుంచే వస్తుంది.

ఒక గోదాము, ఒక తుపాను, ఒక లెక్క

లెక్క వేస్తే గానీ ఇది మనసుకెక్కదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజులు మనలో చాలామందికి గుర్తే. అలాంటి తుపానులో ఒక ఉత్పత్తిదారుల కంపెనీ గోదాములోకి నీళ్లొచ్చాయనుకుందాం. లోపల మినుములు, పెసలు ఉన్నాయి. మొత్తం సరుకు విలువ 50 లక్షలు. పాలసీ మాత్రం 40 లక్షలకే ఉంది. పాడైన సరుకు విలువ, అమ్ముకోగా వచ్చింది తీసేశాక, 20 లక్షలు.

5 కోట్ల లోపు ఆస్తి ఉన్న సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. తుపాను, వరద దాని పరిధిలోకే వస్తాయి. అందులో మనకు మేలు చేసే నిబంధన ఒకటుంది. సరుకు అసలు విలువకంటే పాలసీ మొత్తం 15 శాతం వరకు తక్కువైనా కోత పెట్టరు. 15 శాతం దాటితే మాత్రం కోత పడుతుంది. ఎంత వంతుకు బీమా చేశారో నష్టంలో అంత వంతే ఇస్తారు.

మన లెక్కలో 50 లక్షల సరుకుకు 40 లక్షల బీమా ఉంది. 20 శాతం తక్కువ కాబట్టి కోత పడుతుంది. నూటికి 80 చొప్పున 20 లక్షల నష్టానికి 16 లక్షలు వస్తాయి. ఎక్సెస్ లాంటి చిన్న కోతలు పక్కన పెడదాం.

అయితే ఆ గోదాములో ఉన్న బస్తాలన్నీ కంపెనీవి కావు. 6 లక్షల విలువైన బస్తాలు సభ్యులవి. ధర వచ్చాక అమ్ముకుందామని రశీదు రాయించుకుని దాచుకున్నవి. కంపెనీ వాటిని కొనలేదు. ఇతరుల సరుకును మన దగ్గర ఉంచుకుంటే, పాలసీలో ప్రత్యేకంగా రాయించుకోకపోతే అది సాధారణంగా బీమా కిందికి రాదు. బీమా కిందికి రాని సరుకును విలువలో కలపకూడదు. అంటే కంపెనీ సొంత సరుకు 44 లక్షలే. 44కు 40 అంటే తక్కువైంది సుమారు 9 శాతం. 15 లోపే ఉంది కాబట్టి కోత లేదు. పాడైన 20 లక్షల్లో 2 లక్షలు సభ్యుల బస్తాలవి. అవి తీసేస్తే 18 లక్షలు. కోత లేదు కాబట్టి ఆ 18 లక్షలూ రావాలి.

మొదటి లెక్కకు, రెండో లెక్కకు తేడా 2 లక్షలు. ఈ తేడా పాలసీ కాగితంలో లేదు. కంపెనీ స్టాకు రిజిస్టరులో ఉంది, సభ్యులకు రాసిచ్చిన రశీదు పుస్తకంలో ఉంది. సర్వేయరు బస్తాలు లెక్కపెడతాడు గానీ ఏ బస్తా ఎవరిదో అతనికి తెలియదు. పట్నంలో కూర్చున్న బ్రోకరుకూ తెలియదు.

ఇప్పుడు అధికార పత్రం ఏం చేస్తుందో చూడండి. కంపెనీ సంతకం చేసిచ్చిన పత్రంలో ఉత్తరాలన్నీ బ్రోకరుకే పంపమని ఉంది. సర్వేయరు బ్రోకరుకు మెయిల్ పెడతాడు. "గోదాములో ఇతరుల సరుకు ఏమైనా ఉందా? ఉంటే ఏడు రోజుల్లో రుజువులు పంపండి" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. బ్రోకరు ఆఫీసులో ఆ మెయిల్ చూసిన కుర్రాడు దాన్ని మనకు పంపలేదు. లేదా పదో రోజున పంపాడు. జవాబు రాకపోయేసరికి సర్వేయరు మొత్తం 50 లక్షలూ కంపెనీవేనని రాసుకున్నాడు. 16 లక్షలు ఇస్తాం, సమ్మతమేనా అని బీమా కంపెనీ బ్రోకరును అడిగింది. తేల్చే అధికారం పత్రంలో ఉంది కదా. ఫైలు మూసేద్దామని బ్రోకరు సమ్మతమేనని మెయిల్ కొట్టాడు.

పాలసీలో బ్యాంకు నిబంధన ఉంటే డబ్బు నేరుగా బ్యాంకుకు వెళ్లి అప్పు ఖాతాలో జమవుతుంది. ఖాతా పుస్తకం చూసినప్పుడు గానీ క్లెయిమ్ తేలిపోయిందని డైరెక్టర్లకు తెలియదు. అప్పుడు బీమా కంపెనీని అడిగితే ఏమంటుంది? మీకు అడిగాం, మీరు జవాబు ఇవ్వలేదు, మీరే ఒప్పుకున్నారు అంటుంది. మాకెవరూ అడగలేదండీ అంటే మన సంతకం ఉన్న పత్రం తీసి చూపిస్తుంది.

ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. సర్వేయరు అడిగాడు, బీమా కంపెనీ అడిగింది. బ్రోకరు అజాగ్రత్తగా ఉన్నాడు, అంతే. అయినా 2 లక్షలు పోయాయి. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. నొప్పి ఎద్దుకే.

గడువు కూడా నడుస్తూనే ఉంటుంది

ఇంకో సంగతి. క్లెయిమ్ తిరస్కరించినా, తగ్గించి ఇచ్చినా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. వ్యాపార సంస్థ తన ఆస్తికి నష్టం రాకుండా తీసుకున్న బీమాను లాభం కోసం కొన్న సేవగా చూడకూడదని సుప్రీంకోర్టు 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో చెప్పింది. కాబట్టి కంపెనీ కదా, వినియోగదారు కాదు అని తోసెయ్యడం అంత సులువు కాదు. అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు, కానీ అది కమిషన్ ఇష్టం.

తిరస్కరణ ఉత్తరం బ్రోకరు పెట్టెలో పడితే గడువు ఆరోజు నుంచే మొదలైందని బీమా కంపెనీ వాదిస్తుంది. 229వ సెక్షన్ వాళ్ల చేతిలో ఉంటుంది. మనకు తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమని మనం అడగాలి. అప్పుడు పోరాటం క్లెయిమ్ మీద కాక తేదీ మీద జరుగుతుంది.

పత్రం ఎలా రాయాలి?

దీనికి మందు కష్టమైనది కాదు. బ్రోకరు పంపిన నమూనా మీద సంతకం చేయకుండా మన పత్రం మనమే రాసుకోవాలి. ముందు బోర్డు తీర్మానం చేయాలి. సంతకం ఎవరు చేయాలో, ఏ మేరకు అధికారం ఇస్తున్నామో అందులో ఉండాలి. తర్వాత పత్రం ఇలా రాయొచ్చు:

"ఫలానా నంబరు పాలసీ కింద, ఫలానా తేదీన ఫలానా గోదాములో జరిగిన నష్టానికి సంబంధించిన ఈ ఒక్క క్లెయిమ్ విషయంలో మాత్రమే మా బ్రోకరు మా తరఫున బీమా కంపెనీతో, సర్వేయరుతో మాట్లాడవచ్చు, మేము ఇచ్చిన కాగితాలు సమర్పించవచ్చు, క్లెయిమ్ ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవచ్చు.

ఈ క్లెయిమ్‌కు సంబంధించిన ప్రతి ఉత్తరం, ప్రతి మెయిల్ కింద ఇచ్చిన మా కంపెనీ చిరునామాకు, మెయిల్‌కు పంపాలి. బ్రోకరుకు నకలు పంపవచ్చు. బ్రోకరుకు మాత్రమే పంపినది మాకు అందినట్టు కాదు.

నష్టం మొత్తాన్ని ఒప్పుకోవడానికి, తగ్గించుకోవడానికి, క్లెయిమ్ ఉపసంహరించుకోవడానికి, సమ్మతి పత్రం గానీ డిశ్చార్జి వోచరు గానీ సంతకం చేయడానికి, డబ్బు తీసుకోవడానికి, బ్యాంకు ఖాతా వివరాలు మార్చడానికి బ్రోకరుకు అధికారం లేదు. ఈ అధికారాన్ని ఇంకొకరికి బదిలీ చేయకూడదు.

ఈ పత్రం ఫలానా తేదీ వరకు చెల్లుతుంది. అంతకు ముందైనా మేము రాతపూర్వకంగా రద్దు చేయవచ్చు."

ఒక్కో వాక్యం ఎందుకో కూడా తెలుసుకోండి. పాలసీ నంబరు, నష్టం తేదీ రాయకపోతే అది మన పాలసీలన్నిటికీ, రాబోయే క్లెయిములన్నిటికీ ఇచ్చిన అధికారం అవుతుంది. బ్రోకరు నమూనాల్లో చాలావరకు "అన్ని పాలసీలు, అన్ని క్లెయిములు" అనే ఉంటుంది.

"నకలు పంపవచ్చు" అన్న మాట మన గోదాములో 2 లక్షలు కాపాడే మాట. సర్వేయరు ప్రశ్న అదే రోజు సీఈఓకు కూడా వచ్చేది. రిజిస్టరు తీసి, రశీదుల నకళ్లు జతచేసి పంపితే సరిపోయేది. మెయిల్ కూడా ఒక్క మనిషి సొంత మెయిల్ ఇవ్వకండి. సీఈఓ మారిపోతే ఉత్తరాలు అతనితోపాటే వెళ్లిపోతాయి. కంపెనీ మెయిల్, దాంతోపాటు ఒక డైరెక్టరు మెయిల్ ఇవ్వండి.

మాట్లాడటం వేరు, ఒప్పుకోవడం వేరు. బ్రోకరు ఎంతైనా వాదించనివ్వండి. చివరి అంకె మాత్రం బోర్డు ముందుకు రావాలి. డిశ్చార్జి వోచరులో "పూర్తిగా, చివరిగా ముట్టింది" అని ఉంటుంది. బలవంతం మీద, తప్పనిసరి పరిస్థితుల్లో సంతకం చేశామని రుజువు చేస్తే వోచరు అడ్డు కాదని సుప్రీంకోర్టు 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో చెప్పింది. కానీ రుజువు భారం మన మీదే పడుతుంది. అందుకని అలాంటి సంతకం వేరొకరి చేతికి ఇవ్వకూడదు. లెక్క ఒప్పుకోకపోతే ఆ సంగతి సంతకానికి ముందే రాతలో పెట్టాలి.

ఇలా రాసినా బీమా కంపెనీ పట్టించుకుంటుందా అని మీరు అడగొచ్చు. ప్రతినిధికి అధికారం ఉందని ఎదుటివాడు నమ్మేలా మనం ప్రవర్తిస్తే, అతను చేసిన దానికి మనం కట్టుబడాలని 237వ సెక్షన్ చెబుతుంది. అధికారానికి హద్దులున్నాయని ముందే రాసిచ్చాక, నమ్మాం అని వాళ్లు అనలేరు. అందుకే ఆ పత్రాన్ని బ్రోకరు చేతిలో పెట్టి ఊరుకోవద్దు. మనమే బీమా కంపెనీకి, సర్వేయరుకు పంపి, ముట్టినట్టు రాయించుకుని ఫైలులో పెట్టాలి.

బ్రోకరు నమూనాలో "రద్దు చేయరానిది" అన్న మాట కనబడితే కొట్టేయండి. వచ్చిన పరిహారంలో ఇంత శాతం ఇవ్వాలని ఉంటే ఆగండి. ఆ డబ్బు దేనికో రాతలో అడగండి. శాతం మీద పనిచేసేవాడికి రేపు వచ్చే 18 కంటే ఈరోజు వచ్చే 16 ముద్దుగా కనబడొచ్చు.

ఇచ్చింది వెనక్కి తీసుకోవాలంటే

ఇప్పటికే పాత నమూనా మీద సంతకం చేసినవాళ్లు ఈ సభలో ఉంటారు. భయపడనక్కర్లేదు, రద్దు చేయవచ్చు. కానీ బ్రోకరుకు ఫోన్ చేసి "మీరిక వద్దు" అంటే సరిపోదు. 208వ సెక్షన్ ప్రకారం అధికారం రద్దయిందని ఎవరికి ఎప్పుడు తెలిస్తే వారికి అప్పటినుంచే అది అమలవుతుంది. బ్రోకరుకు తెలిసినా బీమా కంపెనీకి తెలియకపోతే, ఈలోగా బ్రోకరుతో వాళ్లు తేల్చుకున్నది మన మీద పడుతుంది. కాబట్టి రద్దు ఉత్తరం ఒకే రోజున ముగ్గురికీ వెళ్లాలి. బ్రోకరుకు, బీమా కంపెనీకి, సర్వేయరుకు. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో పంపండి. ఇప్పటివరకు ఈ క్లెయిమ్‌లో వచ్చినవి, వెళ్లినవి అన్నీ నకళ్లు ఇవ్వమని బ్రోకరును అదే ఉత్తరంలో అడగండి. ప్రతినిధి అడిగినప్పుడు లెక్క చెప్పాలని 213వ సెక్షన్ ఉంది.

మీ క్లెయిమ్ మీకు తెలియకుండా నడుస్తోందని ఎలా పసిగట్టాలి? సర్వేయరు వచ్చి వెళ్లి మూడు వారాలైనా మీకు ఒక్క ప్రశ్న కూడా రాకపోతే అనుమానించండి. నష్టం క్లెయిమ్‌లో సర్వేయరు ఏమీ అడగకుండా ఉండడు. కొనుగోలు బిల్లులు, స్టాకు రిజిస్టరు, బ్యాంకుకు ఇచ్చిన స్టాకు వివరాలు తప్పకుండా అడుగుతాడు. మిమ్మల్ని అడగలేదంటే వేరే ఎవరినో అడుగుతున్నాడని అర్థం.

అధికార పత్రం పనిచేయని చోట్లు

పత్రం ఇచ్చాం కదా అని మన మీద ఉన్న బాధ్యత పోదు. నష్టం జరగ్గానే బీమా కంపెనీకి తెలపడం, సరుకు ఇంకా పాడవకుండా చూడటం, సర్వేయరు చూసేదాకా తడిసిన బస్తాలు పారేయకుండా ఉండటం మనమే చేయాలి. బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు వేసే అర్హత మీ సంస్థకు ఉంటే, ఆ ఫిర్యాదు మీరే వేయాలి. న్యాయవాదులు, ఏజెంట్లు, మధ్యవర్తుల ద్వారా వచ్చే ఫిర్యాదులు అక్కడ తీసుకోరు.

ఈ పత్రానికీ మన పంటల బీమాకూ సంబంధం లేదని కూడా చెప్పాలి. ఫసల్ బీమా అమలయ్యే చోట వడగళ్లు, ముంపు లాంటి స్థానిక నష్టాన్ని రైతు స్వయంగా 72 గంటల్లోపు తెలపాలి. దానికి 14447 నంబరు ఉంది. పంటల బీమా ఇప్పిస్తాను, ఒక అధికార పత్రం మీద సంతకం పెట్టు అని ఎవరైనా ఊళ్లోకి వస్తే సంఘానికి కబురు చేయండి.

సభ్యుల బస్తాల సంగతి చెప్పి ముగిస్తాం. ఆ లెక్కలో కంపెనీకి 18 లక్షలు వచ్చినా, సభ్యుల 2 లక్షల సరుకుకు పైసా రాదు. అది బ్రోకరు తప్పు కాదు, అధికార పత్రం తప్పూ కాదు. పాలసీ తీసుకున్న రోజున ఇతరుల సరుకు కూడా చేర్చమని రాయించి, ఆ మేరకు పాలసీ మొత్తం పెంచాలి. మీ కంపెనీ పాలసీ రెన్యూవల్ ఎప్పుడో ఇంటికి వెళ్లాక చూసుకోండి. ఆరోజు బ్రోకరు వచ్చినప్పుడు సభ్యుల బస్తాల మాట మీరే ఎత్తండి. అధికార పత్రం నమూనా కాపీలు బయట బల్ల మీద పెట్టాం. కంపెనీకి ఒకటి చొప్పున తీసుకెళ్లి, వచ్చే బోర్డు సమావేశంలో చదివించండి.

సెలవు.